కొత్త సాఫ్ట్‌వేర్‌కి బడ్జెట్ అడిగే మెమో, 4వ పాఠం: మిగిలిన గంటలు, మిగలని డబ్బు

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన మెమోలు చదివాను. ఈసారి ప్రత్యామ్నాయాలు, రిస్కులు చెప్పుకుందామనుకున్నాం, చెప్పుకుంటాం కూడా. కానీ ముందు ఆ మెమోల సంగతి తేల్చాలి, ఎందుకంటే దాదాపు అందరూ ఒకే చోట బోల్తా పడ్డారు, అక్కడ సరిచేయకుండా పైన ఎన్ని రిస్కులు పేర్చినా నిలబడవు.

ఎవరికి, ఎవరి నుంచి, తేదీ, విషయం, ఇవన్నీ మీకు వచ్చు, వదిలేస్తున్నాను. మొదటి వాక్యంలోనే ఎంత కావాలో, ఎప్పటికి కావాలో రాయమన్నాను, చాలామంది రాశారు, బాగుంది.

మన కేసు ఒకసారి గుర్తు చేసుకుందాం. సరఫరాదారుల బిల్లులు చూసే అకౌంట్స్ టీమ్, ఆరుగురు. నెలకు 1,500 ఇన్వాయిస్‌లు మెయిల్‌లో వస్తాయి, వాటిని స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించి, ఆమోదం కోసం సంబంధిత మేనేజర్‌కి మెయిల్ పెట్టి, జవాబు రాకపోతే ఫోన్లు చేసి వెంటపడతారు. ఒక్కోదానికి సగటున 12 నిమిషాల పని. ట్రయల్‌లో కొత్త సాఫ్ట్‌వేర్‌తో అది 5 నిమిషాలకు దిగింది. డబ్బు లెక్కలకి ఏ కరెన్సీ గొడవా లేకుండా ఏడాది లైసెన్స్ ధరను 100 అనుకున్నాం, మిగతా అంకెలన్నీ దాని ప్రకారమే. అమర్చడానికి, పాత డేటా తరలించడానికి, శిక్షణకి కలిపి ఒక్కసారి పెట్టే ఖర్చు ఇంకో 100. అంటే మూడేళ్లకి మొత్తం 400.

ఇప్పుడు మీరు రాసింది చూడండి. ఇన్వాయిస్‌కి 7 నిమిషాలు మిగిలితే నెలకు 175 గంటలు, ఏడాదికి 2,100 గంటలు. గంట జీతం 0.15 కాబట్టి ఏడాదికి 315, మూడేళ్లకి 945. ఖర్చు 400, లాభం 945, పెట్టుబడి మీద రాబడి 136 శాతం. కొందరు దీన్ని బోల్డ్‌లో పెట్టారు, ఒకరైతే గ్రాఫ్ కూడా గీశారు.

గుణకారంలో తప్పేమీ లేదు. కానీ ఫైనాన్స్ హెడ్ ఆ 945 చూడగానే అడిగే మొదటి ప్రశ్న ఇది: "సరే, ఎవరి జీతం తగ్గుతుంది?" ఎవరిదీ తగ్గదు. ఆరుగురూ అలాగే ఉంటారు, నెలాఖరుకి అదే జీతం వాళ్ల ఖాతాల్లో పడుతుంది, కంపెనీ నుంచి బయటికి పోయే డబ్బులో ఒక్క పైసా తేడా ఉండదు. పైగా లైసెన్స్ ఖర్చు కొత్తగా తోడవుతుంది. మీరు లాభం అన్న చోట ఆయనకి కనిపించేది అదనపు ఖర్చే. ఆ క్షణం నుంచి మెమోలో మిగతా అంకెల్ని కూడా ఆయన అనుమానంగానే చూస్తారు. నన్ను అన్నిటికంటే విసిగించే తప్పు ఇదే, అందుకే కాస్త ఎక్కువసేపు సాగదీస్తాను, ఓపిక పట్టండి.

మిగిలిన సమయం డబ్బుగా మారాలంటే, బడ్జెట్‌లో ఏదో ఒక పద్దు ఫలానా నెల నుంచి తగ్గాలి. పద్దు పేరు, నెల, దానికి ఒప్పుకునే మనిషి, ఈ మూడూ చెప్పగలిగితే అది ఆదా. చెప్పలేకపోతే అది ఖాళీ సమయం. దానికీ విలువ ఉంది, కాకపోతే దాన్ని గంటల్లోనే రాయాలి, డబ్బులోకి మార్చకూడదు.

మన కేసులో తగ్గే పద్దులు వెతుకుదాం. మొదటిది ఓవర్‌టైమ్. నెలాఖరులో ఆమోదాలు ఇరుక్కుపోయి టీమ్ నెలకు 60 గంటలు అదనంగా కూర్చుంటోంది, ఇది పేరోల్‌లో కనిపించే అంకె. సాఫ్ట్‌వేర్ వచ్చాక 15కి తగ్గుతుందని టీమ్ లీడ్ ఒప్పుకున్నారు. 45 గంటలు, 12 నెలలు, ఓవర్‌టైమ్ గంటకు 0.2, అంటే ఏడాదికి 108. మొదటి ఆరు నెలలు అమర్చడానికే పోతాయి కాబట్టి తొలి ఏడాది సగమే, 54. రెండోది, వచ్చే ఏడాది నుంచి ఒక పార్ట్‌టైమ్ మనిషిని తీసుకోవడానికి ఇప్పటికే ఆమోదమైన ఖాళీ ఉంది, ఏడాదికి 70. దాన్ని భర్తీ చేయబోమని విభాగాధిపతి రాసిస్తే అది ఆదా. నోటి మాటగా "చూద్దాంలే" అంటే లెక్కలోకి తీసుకోవద్దు. మూడోది, పది రోజుల్లోపు చెల్లిస్తే 2 శాతం తగ్గిస్తామనే సరఫరాదారులు కొందరున్నారు, మన దగ్గర ఆమోదానికే రెండు వారాలు పట్టడంతో అది పోతోంది. అందులో జాగ్రత్తగా లెక్కేస్తే రెండో ఏడాది నుంచి ఏడాదికి 20 దక్కుతుంది.

కలపండి. మొదటి ఏడాది 54, రెండు, మూడు ఏళ్లు ఒక్కోటి 198. మొత్తం 450.

945 కాస్తా 450 అయింది. మీలో కొందరికి ఇక్కడ నీరసం వస్తుందని తెలుసు. నాకైతే 400 పెట్టి 450 వెనక్కి తెస్తామని రుజువులతో చెప్పే మెమో కావాలి. 945 అని రాసింది మొదటి మీటింగ్ దాటదు. మిగిలిన గంటల్ని ఇలా విడిగా రాస్తాను:

"దీనికి తోడు నెలకు 175 గంటల దాకా పని తగ్గుతుంది. దీన్ని పై ఆదాలో కలపలేదు. ఓవర్‌టైమ్ తగ్గింపుకీ, భర్తీ చేయని పోస్టుకీ పోగా మిగిలే సమయాన్ని, ఇప్పుడు మూడు నెలలు వెనకబడి ఉన్న సరఫరాదారుల ఖాతాల సరిపోల్చే పనికి వాడతాం."

"పోగా" అన్నది గమనించారా? ఓవర్‌టైమ్‌లో తగ్గిన గంటలు ఆ 175లోవే. రెండు చోట్లా లెక్కేస్తే ఒకే గంటను రెండుసార్లు అమ్మినట్టు.

ఇదే తప్పుకి ఇంకా ఘోరమైన రూపం ఒకటుంది. "200 మంది ఉద్యోగులకి రోజుకు 10 నిమిషాలు మిగిలితే రోజుకు 33 గంటలు, అంటే నలుగురి పని" అని. ఆ పది నిమిషాలు 200 మంది దగ్గర చిల్లరగా పడి ఉంటాయి, వాటిని ఏరి నలుగురు మనుషుల్ని చేయడం ఎవరి వల్లా కాదు. అమ్మేవాళ్లు ఇచ్చే లెక్కల షీట్లలో ఈ అంకె తప్పకుండా ఉంటుంది. దాన్ని మెమోలోకి అతికించకండి.

ప్రత్యామ్నాయాలు

మీ మెమోల్లో ప్రత్యామ్నాయాలు రెండే: ఏమీ చేయకపోవడం, సొంతంగా తయారు చేసుకోవడం. రెండూ ఓడిపోవడానికే పెట్టినట్టున్నాయి. చదివేవాళ్లకి అది ఇట్టే తెలిసిపోతుంది. నిజంగా భయపడాల్సిన ప్రత్యామ్నాయం వేరే ఉంది: కొనకుండా ఇప్పుడున్న పద్ధతినే బాగుచేసుకోవడం. ఇన్వాయిస్‌లన్నీ ఒకే మెయిల్ ఐడీకి రమ్మనడం, ఆర్డర్ నంబర్ లేని బిల్లును వెనక్కి పంపడం, చిన్న మొత్తాలకి మేనేజర్ ఆమోదం అక్కర్లేదనడం. ఖర్చు దాదాపు సున్నా. మన కేసులో దీంతోనే 12 నిమిషాలు 9కి దిగుతాయనుకోండి. అప్పుడు సాఫ్ట్‌వేర్ గొప్ప 9 నుంచి 5 వరకే. నెలకు 175 గంటల్లో 75 కొనకుండానే వస్తాయి, సాఫ్ట్‌వేర్ ఖాతాలో వేయగలిగింది 100 మాత్రమే.

ఇది మీరు రాయకపోతే మీటింగ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు, అప్పుడు తడబడతారు. అందుకే నేనైతే మెమోలోనే తేల్చేస్తాను: ఈ మార్పులు వచ్చే నెల నుంచే మొదలుపెడుతున్నాం, వీటితో ఎక్కించే పని తగ్గుతుంది కానీ పెద్ద మొత్తాల ఆమోదాలు మెయిల్స్‌లోనే ఇరుక్కుంటాయి, నెలాఖరు ఓవర్‌టైమ్‌కి కారణం అదే, కాబట్టి ఆ 60 గంటలు పెద్దగా కదలవు. ఈ మాట ఊహతో రాయకూడదు. గత రెండు నెలాఖరుల్లో ఓవర్‌టైమ్ చేసినవాళ్లు ఆ గంటల్లో ఏ పని చేశారో అడిగి రాయండి. ఆమోదాల వెంటపడటం కాకుండా టైపింగే ఎక్కువని తేలితే, సాఫ్ట్‌వేర్ కొనకండి, ఈ పాఠం ఇక్కడితో ఆపేయొచ్చు.

ఏమీ చేయకపోవడాన్ని కూడా సున్నా ఖర్చు అని రాయొద్దు. ఆ పార్ట్‌టైమ్ పోస్టు భర్తీ అవుతుంది, ఓవర్‌టైమ్ సాగుతుంది, అవే దాని ధర. సొంతంగా తయారు చేసుకోవడం గురించి రెండు వాక్యాలు చాలు, తర్వాత దాన్ని ఎవరు చూసుకుంటారన్న ప్రశ్న దగ్గరే అది ఆగిపోతుంది.

రిస్కులు

ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గడుల పట్టిక నాకు నచ్చదు. "వినియోగదారులు వ్యతిరేకించవచ్చు: మధ్యస్థం" అని రాస్తే దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఆ రిస్కు నిజమైతే 450, 400 అంకెలు ఎటు కదులుతాయో రాయండి. అలా అంకెను కదిపే రిస్కులు మన కేసులో రెండున్నాయి.

మొదటిది రెన్యువల్ ధర. మీరు అందరూ మూడేళ్లూ 100 అనే వేశారు. ఏటా 8 శాతం పెరిగితే రెండో ఏడాది 108, మూడో ఏడాది దాదాపు 117, మొత్తం ఖర్చు 425. ఇక్కడ చేయాల్సిన పని స్పష్టం: పెంపుకి గరిష్ఠ పరిమితిని సంతకానికి ముందే ఒప్పందంలో రాయించుకోవాలి, సంతకం అయ్యాక మీ మాట చెల్లదు. అదే కాగితంలో ఆటో రెన్యువల్ నిబంధన చూడండి. వద్దనుకుంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలో అందులో ఉంటుంది, ఆ తేదీని ఒకరి పేరు మీద క్యాలెండర్‌లో పెట్టండి.

రెండోది ఆలస్యం. డేటా తరలింపులో సరఫరాదారుల జాబితా రెండేసి పేర్లతో, పాత బ్యాంకు వివరాలతో ఉంటే మూడు నెలలు ఇట్టే జారిపోతాయి. అప్పుడు మొదటి ఏడాది ఆదా 54 నుంచి 27కి పడిపోతుంది, మొత్తం 423. ధర పెంపూ, ఆలస్యం రెండూ కలిసొస్తే 423 ఆదాకి 425 ఖర్చు, అంటే దాదాపు సరికి సరి. ఈ వాక్యం మెమోలో ఉండాలి: "రెండు రిస్కులూ ఒకేసారి వచ్చినా మూడేళ్ల చివరికి పెట్టిన డబ్బు దాదాపు తిరిగొస్తుంది." లాభం శాతం కంటే ఇది బలమైన వాక్యమని నా అభిప్రాయం.

మనుషులు వాడకపోవడం అన్న రిస్కుకి కొలత ఒకటే: మొదలుపెట్టిన రెండో నెలలో ఎన్ని ఆమోదాలు ఇంకా మెయిల్‌లోనే నడిచాయో లెక్కపెట్టడం. పక్కన పాత స్ప్రెడ్‌షీట్ కూడా నడుస్తోందంటే పని తగ్గకపోగా రెట్టింపైందని అర్థం. వదిలి వెళ్లడం గురించి ఒక్క ప్రశ్న అడగండి: డేటా బయటికి తీస్తే ఇన్వాయిస్ ఫైళ్లు, ఎవరు ఎప్పుడు ఆమోదించారన్న చరిత్ర కూడా వస్తాయా, లేక వట్టి వరుసలేనా? ఆడిట్‌కి కావాల్సింది ఆ చరిత్రే.

అభ్యాసం

మీ మెమోని ఈ పద్ధతిలో తిరగరాయండి, రెండు పేజీలు దాటొద్దు. తర్వాత ఫైనాన్స్ హెడ్ కుర్చీలో కూర్చుని, దాన్ని తిరస్కరిస్తూ అర పేజీ జవాబు రాయండి. మొహమాటం వద్దు, మెమోలో ఉన్న అంకెల్నే పట్టుకుని కొట్టాలి. ఆ తిరస్కరణకి మెమోలో ఎక్కడ జవాబుందో వాక్యం కింద గీత గీసి, రెండూ కలిపి పంపండి. గీత గీయడానికి వాక్యం దొరకని చోట ఖాళీగానే వదిలేయండి, 5వ పాఠం ఆ ఖాళీలతోనే మొదలుపెడతాను.