పైకి లాగే పైల్: జారుతుందా, మట్టిని పెకలించుకొస్తుందా? (పైల్ పునాదులు – నాలుగో పాఠం)

పోయిన పాఠంలో పైల్ మీద పైనుంచి బరువు పడితే షాఫ్ట్ ఘర్షణ ఎంతో లెక్క కట్టాం. ఈసారి బలం తిరగబడుతుంది. నేల కింద కట్టిన ట్యాంకును భూగర్భజలం పైకి నెడుతుంది. దాన్ని పట్టి ఉంచాల్సింది పైల్స్. ఇలా పైకి లాగుడుకు నిలబడే పైల్స్‌నే టెన్షన్ పైల్స్ అంటాం. కొన అడుగున మట్టి ఎంత గట్టిగా ఉన్నా ఇక్కడ దానివల్ల లాభం లేదు, ఆ లెక్క కాగితం మీంచి తీసేయండి.

ఇలాంటి పైల్ రెండు రకాలుగా ఓడిపోతుంది. మట్టి ఉన్నచోటే ఉండి పైల్ ఒక్కటే మేకులా జారి పైకి రావడం మొదటిది. పైల్ తనను పట్టుకున్న మట్టితో కలిసి, తలకిందులైన శంకువు ఆకారంలో నేలను పెకలించుకుని రావడం రెండోది. దీన్ని కోన్ అంటాం. రెండిట్లో ఏది తక్కువ బలానికి జరుగుతుందో అదే పైల్ అసలు సామర్థ్యం.

ఒక లెక్క చేద్దాం. విజయవాడలో కృష్ణ ఒడ్డున ఇసుక నేల అనుకోండి. ట్యాంకు అడుగు నీటిమట్టానికి 5 మీటర్ల కింద ఉంది. అక్కడ నీళ్లు చదరపు మీటరుకు 50 కిలోన్యూటన్లతో పైకి నెడతాయి. ట్యాంకు అడుగున పరిచిన 60 సెంటీమీటర్ల మందపు కాంక్రీటు పలకను రాఫ్ట్ అంటాం, దాని బరువు చదరపు మీటరుకు 15. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు, గోడల బరువు వదిలేస్తే, పైల్స్ ఆపాల్సింది చదరపు మీటరుకు 35.

పైల్ వ్యాసం అర మీటరు, రాఫ్ట్ అడుగు నుంచి పొడవు 10 మీటర్లు. నీళ్లలో మునిగిన ఇసుక బరువు ఘనపు మీటరుకు 9 కిలోన్యూటన్లు. కాబట్టి పైల్ మధ్యలో నిలువు ఒత్తిడి 45. ఈ లోతును రాఫ్ట్ అడుగు నుంచే కొలవాలి. పాత నేలమట్టం నుంచి కొలవడం తరచూ జరిగే తప్పు. తవ్వేసిన మట్టి ఇక పైల్‌ను నొక్కదు కదా. పక్క ఒత్తిడి గుణకం 0.7, ఇసుకకూ పైల్‌కూ మధ్య ఘర్షణ కోణం 28 డిగ్రీలు తీసుకున్నాను. అప్పుడు ఘర్షణ చదరపు మీటరుకు సుమారు 16.7. పైల్ చుట్టూ ఉపరితలం 15.7 చదరపు మీటర్లు. మొత్తం ఘర్షణ 263 కిలోన్యూటన్లు. నీళ్లలో పైల్ సొంత బరువు మరో 29.

ఇప్పుడు కోన్. టవర్ పునాదుల కోడ్ ఐఎస్ 4091 ఇసుకలో నిలువుకు 20 డిగ్రీలు, బంకమట్టిలో 30 డిగ్రీలు తీసుకోమంటుంది. పైల్ కొన దగ్గర మొదలై 20 డిగ్రీలతో విచ్చుకుంటూ వస్తే పైన కోన్ వ్యాసార్థం 3.9 మీటర్లవుతుంది. అందులో ఇసుక బరువు సుమారు 1,500 కిలోన్యూటన్లు. ఘర్షణ 263 దగ్గరే చేతులెత్తేస్తుంది. అంటే ఈ పైల్ జారుతుంది తప్ప కోన్‌ను లేపలేదు. ఇసుకలో సన్నటి, పొడవాటి, నేరు పైల్ ఒంటరిగా ఉంటే దాదాపు ఎప్పుడూ ఇదే జవాబు. కోన్ బరువు చూసి "పదిహేను వందలుంది, చాలు" అనుకున్న డిజైన్ ఐదు రెట్లకు పైగా తప్పు.

లాగుడు పరీక్ష చేయకపోతే పైల్ పునాదుల కోడ్ ఐఎస్ 2911 సేఫ్టీ ఫ్యాక్టర్ 3 అడుగుతుంది, చేస్తే 2. నేను ఘర్షణను మాత్రమే 3తో భాగించి, సొంత బరువును అలాగే కలుపుతాను: 88, 29 కలిపి 117. పైల్స్‌ను 1.8 మీటర్ల గడులలో పెడితే ఒక్కోదాని వాటా 3.24 చదరపు మీటర్లు, అంటే 113 కిలోన్యూటన్లు. సరిపోయింది.

అదే ట్యాంకును హైదరాబాద్‌లో, సగం మెత్తబడిన గ్రానైట్‌లో కట్టండి. రాయి పట్టు గట్టిది కాబట్టి పైల్ చిన్నదైపోతుంది: వ్యాసం 30 సెంటీమీటర్లు, రాయిలోకి 3 మీటర్లు. పట్టు చదరపు మీటరుకు 150 అనుకుంటే మొత్తం 424, మూడుతో భాగిస్తే 141. రెండు మీటర్ల గడిలో ఒక్కో పైల్‌కు వచ్చేది 140. కాగితం మీద పాసైంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఆగకండి. ఆ పైల్ పట్టుకున్న రాయి బరువెంత? ఒక్కో పైల్ వాటా 4 చదరపు మీటర్లు, లోతు 3 మీటర్లు, నీళ్లలో రాయి బరువు ఘనపు మీటరుకు 12: మొత్తం 144 కిలోన్యూటన్లు. లేపే బలం 140! రాఫ్ట్, పైల్స్, రాయి మొత్తం ఒకే దిమ్మెగా తేలడానికి మూడు శాతమే తేడా. పక్కపక్క పైల్స్ కోన్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఒకే రాయిని ఇద్దరి ఖాతాలో రాయలేం, అందుకే కోన్ బదులు నిలువు పెట్టెలా లెక్కించాలి. ఏకరాయిలో అయితే కోన్ పక్కలు తెగడానికీ బలం కావాలి, అది అదనపు సాయం. కానీ హైదరాబాద్ గ్రానైట్‌లో నేలకు సమాంతరంగా పగుళ్లు ఉంటాయి. పైల్ కొనల మట్టంలో అలాంటి పొర ఒకటి దొరికితే దిమ్మె అక్కడే విడిపోతుంది. ఆ సాయాన్ని నేను నమ్మను.

ఇక్కడ అందరికీ తట్టే పరిష్కారం పైల్స్ సంఖ్య పెంచడం. గడిని ఒకటిన్నర మీటర్లకు తగ్గించినా, పట్టు పెరుగుతుందే తప్ప దిమ్మె బరువు మారదు. దిమ్మెకు చదరపు మీటరుకు బరువు 36, లేపేది 35, గడి ఎంతైనా ఇంతే. పొడవు పెంచితేనే మారుతుంది. తేలడానికి వ్యతిరేకంగా 1.2 ఫ్యాక్టర్ కావాలంటే 35 × 1.2 ను 12తో భాగించాలి: కనీసం మూడున్నర మీటర్లు. ఇసుకలో ఈ పరీక్షకు 4.7 మీటర్లు చాలు, మన పైల్ 10 ఉంది కాబట్టి అక్కడ భయం లేదు. నేను ముందు ఈ కనీస పొడవు తీసి, తర్వాతే వ్యాసం, గడి చూస్తాను.

సైట్‌లో లాగుడు పరీక్ష ఒక్క పైల్ మీద జరుగుతుంది. అందుకే అది పట్టును చూపిస్తుంది, దిమ్మె తేలడాన్ని చూపించదు. పక్కన పైల్స్ అన్నీ లాగుతుంటే ఏమవుతుందో ఆ డయల్ గేజ్‌కు తెలియదు. అయినా పరీక్షలో ఓటమి ఏ రకమో పోల్చుకోవచ్చు. పైల్ తలకు పెట్టిన గేజ్‌లతో పాటు, ఒకటి రెండు మీటర్ల దూరంలో నేల మీద కూడా గేజ్ పెట్టించండి. తల కదిలి నేల కదలకపోతే జారుడు. నేల కూడా ఉబ్బి, పైల్ చుట్టూ వలయంగా పగుళ్లు తెరుచుకుంటే కోన్. జాకీని మోసే దూలం కాళ్లు పైల్‌కు దగ్గరగా ఉంటే అవి నేలను నొక్కి ఘర్షణను పెంచేస్తాయి, ఉబ్బును దాచేస్తాయి. ఫలితం అందంగా వస్తుంది, నిజం కాదు.

వచ్చే పాఠంలో పైల్ తలను రాఫ్ట్‌లో కడ్డీలతో ఎలా కట్టాలో చూద్దాం. అంతలో ఈ లెక్క చేసి ఉంచండి: హైదరాబాద్ ట్యాంకులోనే నీటిమట్టం వానాకాలంలో ఇంకో మీటరు పెరిగితే, పైల్ కనీస పొడవు ఎంత కావాలి, రెండు మీటర్ల గడి నిలుస్తుందా?