తాళం తిరగదు, స్టీరింగ్ కదలదు: అలిపిరిలో నా అనుభవం

అలిపిరి దగ్గర వాలులో, ముందు టైరు గట్టురాయికి ఆనేలా కారు పెట్టి కొండెక్కాను. దిగి వచ్చి తాళం పెడితే తిరగలేదు. మీటర్ మీద Steering Lock Fault అని పడింది. నా కారులో స్టీరింగ్‌ను కదలకుండా పట్టి ఉంచే లాక్ పిన్నును చిన్న మోటారు లాగుతుంది. పిన్ను ఊడిందని సిగ్నల్ వస్తేనే తాళం తిరుగుతుంది. బలం పెట్టి తిప్పితే తాళమే పాడవుతుంది.

తాళం దూర్చగానే స్టీరింగ్ కింద 'జుర్ర్' మని వినిపించింది. అంటే మోటారు బతికే ఉంది, టైరు ఒత్తిడికి పిన్ను బిగుసుకుంది. స్టీరింగ్‌ను ఒక పక్కకు గట్టిగా లాగి పట్టుకుని, తాళం తీసి మళ్ళీ పెట్టాను, లాభం లేదు. రెండో పక్కకు పట్టుకుంటే 'టక్' మని ఊడింది.

కొన్నాళ్లకు మళ్ళీ అదే మెసేజ్, ఈసారి చప్పుడే లేదు. చిత్తూరు మెకానిక్ ముందు బ్యాటరీ చూశాడు, 12.5 వోల్టులు, బాగానే ఉంది. "మోటారు బ్రష్‌లు అరిగిపోయినాయి సార్" అన్నాడు. నేను తాళం పెడుతుంటే ఆయన స్టీరింగ్ కాలమ్ కింద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టాడు, తిరిగింది. అది షెడ్డు దాకా తీసుకుపోవడానికే. లాక్ యూనిట్ మార్చి, కొత్తదాన్ని తాళానికి కోడింగ్ చేయించాల్సి వచ్చింది. పాత సామాన్ల అంగట్లో దొరికేది తెచ్చి నేరుగా బిగిస్తే పనిచేయదట.