జార్‌లో గోలీలు ఎన్ని పడతాయి? లెక్క ఎక్కడ తప్పుతోంది?

ముందు జార్‌ని లోపలి నుంచి కొలిచారా? చాలామంది బయట స్కేలు పెట్టి కొలిచేసి, ఆ తర్వాత సూత్రం తప్పేమోనని టెన్షన్ పడతారు. జార్ బయటి వ్యాసం 86 మిల్లీమీటర్లు, లోపలిది 80 అయితే ఆ తేడాకే జవాబు దాదాపు 16 శాతం పెరిగిపోతుంది. అంతకంటే సులువైన దారి, జార్ నిండా నీళ్లు పోసి, ఆ నీళ్లని కొలవడం. గోలీని కూడా ఒక్కదాన్నే కొలవకండి. పదింటిని స్కేలు పక్కన వరసగా ఆనించి, పొడవుని పదితో భాగించండి. వ్యాసంలో 5 శాతం తప్పు వస్తే సంఖ్యలో దాదాపు 15 శాతం తప్పు వస్తుంది.

ఇక్కడి నుంచి ఒకే జార్‌తో నడుద్దాం: లోపలి వ్యాసం 80 మి.మీ., ఎత్తు 120 మి.మీ., అంటే సుమారు 603 మి.లీ. గోలీ వ్యాసం 16 మి.మీ., ఘనపరిమాణం 2.145 మి.లీ.

సమస్య: 281 అని వచ్చింది, జార్‌లో అందులో సగం కాస్త మించి పడుతున్నాయి.
జార్‌ని గోలీతో నేరుగా భాగించారు. గోలీల మధ్య ఖాళీగా మిగిలే సందుల్ని లెక్కలోకి తీసుకోలేదు.

సమస్య: 208 వచ్చింది.
జార్‌లో గోలీలు నిజంగా ఆక్రమించే వాటా 0.74 అనుకుని, 281ని దాంతో గుణించారు. గోళాల్ని ఇంతకంటే ఒత్తుగా పేర్చలేమన్న కెప్లర్ ఊహకి 1998లో గణితవేత్త థామస్ హేల్స్ నిరూపణ ఇచ్చాడు, నిజమే. కానీ అది బండి మీద బత్తాయిలు పేర్చినట్టు ఒక్కోటీ చేత్తో సర్దితే వచ్చే అంకె. గుమ్మరించిన గోలీలకి అది పనికిరాదు. గుమ్మరిస్తే 0.60 దగ్గర, బాగా తట్టి కుదిపితే 0.64 దాకా వస్తుంది.

సమస్య: 0.64 వేశాను, 180 వచ్చింది, అయినా ఎక్కువే.
అసలు చిక్కు ఇదే. కొలతలు సరే, సూత్రం సరే, అంకె కూడా పుస్తకంలోదే, జవాబు మాత్రం తప్పు. అందుకే జనం దీన్ని పట్టుకోలేక గోలీల్ని మళ్లీ మళ్లీ లెక్కపెడుతుంటారు.

కారణం జార్ గోడ. మధ్యలో ఒక గోలీ పక్కనున్న పల్లంలోకి ఇంకో గోలీ ఒదిగి కూర్చుంటుంది. గోడ నున్నగా ఉంటుంది, దాని నుంచి ఏదీ ముందుకి పొడుచుకు రాదు. కాబట్టి గోడకీ గోలీకీ మధ్య సందు అలాగే మిగిలిపోతుంది. 0.60, 0.64 లాంటి అంకెలు గోడ ప్రభావం లెక్కలోకి రానంత పెద్ద పాత్రకి చెప్పినవి.

మన జార్‌లో గోడ నుంచి ఒక గోలీ వెడల్పు లోపలికి గీత గీయండి. అడుగు వైశాల్యంలో 64 శాతం ఆ గీతకి బయటే ఉంటుంది! అంటే జార్‌లో ఎక్కువ భాగం 'గోడ పక్కే'. అదే జార్‌లో 4 మి.మీ. బేరింగ్ బాల్స్ పోస్తే ఆ వాటా 19 శాతమే.

దీన్ని సరిచేయడానికి, గొట్టాల్లో గుళికలు నింపే ఇంజనీర్లు వాడే రకం సూత్రం చాలు. గోలీ వ్యాసం d, జార్ లోపలి వ్యాసం D, జార్‌లో గోలీలు ఆక్రమించే వాటా f:

```
x = d / D
f = 0.60 - 0.05*x - 0.41*x*x
```

గోలీలకి x = 0.2, f సుమారు 0.574. 281ని దాంతో గుణిస్తే 161. ఈ సూత్రం పక్క గోడనే చూస్తుంది. అడుగునా మూతి దగ్గరా కూడా ఇలాంటి నష్టమే ఉంటుంది, మన జార్ ఎనిమిది గోలీల ఎత్తు కూడా లేదు. అందుకే ఇంకొన్ని తగ్గించి 150 - 160 మధ్య చెప్పండి. 4 మి.మీ. బాల్స్‌కి x = 0.05, f దాదాపు 0.60 దగ్గరే ఉంటుంది, సంఖ్య సుమారు 10,700. గోలీ వ్యాసం జార్‌లో సగానికి మించితే మాత్రం ఈ సూత్రం పక్కన పెట్టి చేత్తో లెక్కపెట్టుకోండి.

అనుమానం గోడ మీదేనా అని తేల్చుకోవాలంటే, మూతి దాకా గోలీలు నింపిన జార్‌లో అంచు దాకా నీళ్లు పోయండి. గోడ ప్రభావం లేకపోతే, తట్టి నింపిన జార్‌లో 217 మి.లీ. పట్టాలి. 260 దాకా పట్టిందంటే దొంగ గోడే.

సమస్య: నింపిన ప్రతిసారీ వేరే సంఖ్య.
ఒకసారి తట్టారు, ఒకసారి తట్టలేదు. ఏదో ఒకటి ఖాయం చేసుకోండి.

సమస్య: గింజలకి ఏ అంకే కుదరడం లేదు.
ఆవాలు ఇంచుమించు గోళాలే, లెక్క నడుస్తుంది. పెసలు, శనగలు గోళాలు కావు, సూత్రంతో కుస్తీ వద్దు. నీళ్ల పరీక్ష కూడా వద్దు, గింజలు పీల్చేస్తాయి. వంద గింజల్ని తూచి, జార్‌లోని మొత్తాన్ని తూచి, దాన్ని వంద గింజల బరువుతో భాగించి, వందతో గుణించండి. వంటింటి త్రాసు మీద వంద ఆవాల బరువు తేలదు, వెయ్యి తీసుకుని వెయ్యితో గుణించండి.

చిన్నా పెద్దా గోలీలు కలిసిపోవడం, బాల్స్‌కి గ్రీజు అంటుకోవడం లాంటివి అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.