కొత్త కూలీలకు తొలిరోజు సేఫ్టీ టాక్ ఎలా చెప్పాలి?

పెద్ద సైటులో కొత్తగా దిగిన వాళ్లకు తొలిరోజు సేఫ్టీ గురించి చెప్పడాన్ని ఇండక్షన్ అంటారు. చాలాచోట్ల అదెలా జరుగుతుందో అందరికీ తెలిసిందే. ఒక గదిలో ఇంగ్లిష్ స్లైడ్లు నడుస్తాయి, రిజిస్టర్‌లో సంతకాలు పడతాయి, ఆడిట్ కోసం ఒక ఫొటో తీస్తారు. అంతసేపూ కూలి ఆలోచన మాత్రం సామాను ఎక్కడ పెట్టుకోవాలి, మధ్యాహ్నం భోజనం ఎక్కడ అన్నదాని మీదే ఉంటుంది.

బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు ఇరవై అంతస్తుల టవర్ కడుతున్నారనుకుందాం. సెంట్రింగ్‌కూ రాడ్ బెండింగ్‌కూ ఇరవై నాలుగు మంది తెలుగువాళ్లు వచ్చారు. కొందరు శ్రీకాకుళం నుంచి, కొందరు పాలమూరు నుంచి. మీరు ప్రాజెక్ట్ మేనేజర్. వాళ్లకు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

టాక్‌కు ముందు

రాత్రంతా రైల్లో వచ్చినవాళ్లను ఆ పొద్దున్నే కూర్చోబెట్టకండి. టిఫిన్ పెట్టి, గది చూపించి, స్నానం చేయనిచ్చి, మధ్యాహ్నమో మర్నాడో పిలవండి. ఈలోగా డాక్టరు బీపీ, కళ్లు చూస్తాడు. ఎత్తుకు ఎక్కితే కళ్లు తిరుగుతాయా లేదా అన్న పరీక్ష కూడా అయిపోతుంది. అది పాసైతేనే హైట్ పాస్ ఇవ్వాలి.

ఇరవై నాలుగు మందినీ ఒకేసారి కాకుండా పన్నెండేసి మందిగా పిలవండి. గది కన్నా, పని జరిగే చోటికి దగ్గరలో నీడ ఉన్న ఖాళీ స్థలం నయం. మేస్త్రీలూ సైట్ ఇంజినీరూ కూడా అక్కడే ఉండాలి. వాళ్లు ఎందుకంటే, మీరు ఇచ్చే మొదటి మాటకు వాళ్లే సాక్షులు.

మొదటి మాట డబ్బు గురించి

సేఫ్టీ ఆఫీసర్ ఉండగా మేనేజర్ ఎందుకు మాట్లాడాలి అని అడుగుతుంటారు. హెల్మెట్ ఎలా పెట్టుకోవాలో సేఫ్టీ ఆఫీసర్ మీకన్నా బాగా చెప్తాడు. కానీ "పని ఆపితే కూలి కోత పడదు" అన్న మాట ఆయన ఇవ్వలేడు, మేనేజరే ఇవ్వగలడు.

సెంట్రింగ్ వాళ్లకు చదరపు మీటరు లెక్కన, రాడ్ వాళ్లకు టన్ను లెక్కన బిల్లు అవుతుంది. రెయిలింగ్ లేదని రెండు గంటలు ఆగితే ఆ నష్టం గ్యాంగ్ మీదే పడుతుంది. అందుకే "ప్రమాదం అనిపిస్తే ఆపేయండి" అని ఎంత చెప్పినా ఎవరూ ఆపరు. ముందే కాంట్రాక్టర్‌తో తేల్చుకోండి. సేఫ్టీ కారణంతో ఆగిన గంటలకు హాజరు లెక్కన కూలి కట్టాలని, అది ఎవరు రాస్తారు, ఎక్కడ రాస్తారు అన్నది కూడా ఖాయం చేసుకోండి. తర్వాత మేస్త్రీల ఎదుటే కూలీలకు చెప్పండి: "అన్నా, పనిచేసే చోటు బాగాలేదని ఆగితే ఆ గంటల కూలి మీకు వస్తుంది. మేస్త్రీ ఒప్పుకోకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి." ఆ నంబరు ఐడీ కార్డు వెనక అచ్చు వేయించండి. ఈ ఏర్పాటు చేయలేకపోతే ఆ మాట అసలు ఎత్తకండి. ఒక్కసారి అబద్ధమని తేలితే మిగతా టాక్ అంతా నీళ్లపాలే.

రెండోది కటౌట్

స్లాబులో పైపుల కోసం, డక్టుల కోసం వదిలే ఖాళీలను కటౌట్లు అంటాం. వాటి మీద ప్లైవుడ్ షీటు కప్పుతారు. సెంట్రింగ్ వాళ్లకు ప్లై అంటే సామాను. ఎక్కడ పడి ఉన్నా తీసుకొచ్చి వాడుకోవాలనిపిస్తుంది. ప్రాణం పోయేది అక్కడే.

దీన్ని మాటల్లో చెప్పేకన్నా చేసి చూపిస్తే బాగా పడుతుంది. నేల మీద సున్నం పొడితో మూడడుగుల చదరం గీయండి. దాని మీద ఎనిమిదడుగులకు నాలుగడుగుల షీటు పరవండి. కింద గీత ఉందని చెప్పకుండా ఒకతన్ని పిలిచి, "తమ్ముడూ, ఆ షీటు ఎత్తి అటువైపు పెట్టు" అనండి. అతను దగ్గరి అంచు పట్టుకుని పైకి లేపుతాడు. షీటును నిలబెట్టి ముందుకు తోస్తూ రెండడుగులు వేస్తాడు. అప్పుడు ఆపి, కాళ్లెక్కడ ఉన్నాయో చూసుకోమనండి. సున్నం చదరం మధ్యలో ఉంటాయి. షీటే అతని కళ్లకు అడ్డం. ఖాళీని దాచింది అతని చేతిలోని చెక్కే. మొదట అందరూ నవ్వుతారు, నవ్వనివ్వండి. తర్వాత అదే ఏడో అంతస్తులో అయితే ఏమవుతుందో వాళ్లనే చెప్పమనండి.

ఆ తర్వాతే రూలు చెప్పాలి. మన సైటులో కటౌట్ మీది మూత పసుపు రంగులో ఉంటుంది, పక్కకు జరగకుండా అడుగున చెక్కపట్టీలు కొట్టి ఉంటాయి. పసుపు మూత సామాను కాదు, దాన్ని ముట్టుకోకూడదు. రంగు లేని షీటు నేల మీద పరిచి కనబడితే దాని కింద ఖాళీ ఉందనే అనుకోవాలి. ఎత్తేముందు ఇంజినీరుకు చెప్పాలి. మూత లేని కటౌట్ కనబడితే ఒకరు అక్కడే కాపలా నిలబడాలి, రెండోవారు వెళ్లి చెప్పాలి. ఇద్దరూ వెళ్లిపోతే మూడోవాడు వచ్చి పడతాడు.

రాడ్ వాళ్లకు ఇంకో మాట. చిన్న కటౌట్లలో స్లాబు రాడ్ల జాలీని కోయకుండా అలాగే వదిలి చుట్టూ కాంక్రీటు పోస్తాం, పైపులు వచ్చే రోజు దాకా అదే వల. దారికి అడ్డంగా ఉందని ఎవరూ కట్టర్ పెట్టకూడదు.

మూత పసుపు వేయించే బాధ్యత మీదే. టాక్‌లో పసుపు అని చెప్పి పైన మామూలు ప్లై కప్పి ఉంటే, ఆ టాక్ వల్ల మేలుకన్నా కీడే ఎక్కువ.

మూడోది బెల్టు

సైటులో హార్నెస్‌ను అందరూ బెల్టు అనే పిలుస్తారు, మనమూ అలాగే అందాం. వేసుకుంటే చాలనుకునేవాళ్లే ఎక్కువ. హుక్ ఎక్కడ తగిలించాలన్నదే అసలు సంగతి. ఇందుకు ఒక టేపు చాలు.

ఒకతన్ని నిలబెట్టి అతని కాళ్ల దగ్గర టేపు పెట్టండి. అదే హుక్ తగిలించిన చోటు అనుకుందాం. అక్కడి నుంచి నేల మీద కొలుస్తూ వెళ్లండి. తాడు పొడవు 1.8 మీటర్లు. పడినప్పుడు కుదుపు తగ్గించడానికి షాక్ అబ్జార్బర్ విచ్చుకుని సాగేది 1.75 మీటర్ల దాకా. వీపు మీది రింగు నుంచి కాళ్ల దాకా 1.5 మీటర్లు. కాళ్ల కింద ఇంకో మీటరు ఖాళీ ఉంచుకోవాలి. మొత్తం కలిపితే సుమారు 6 మీటర్లు. ఆ చివర ఇంకొకతన్ని నిలబెట్టండి. ఇద్దరి మధ్య దూరం చూసి అందరికీ కాస్త ఆశ్చర్యం వేస్తుంది. ఇప్పుడు అడగండి: మన అంతస్తు ఎత్తు ఎంత? సుమారు 3 మీటర్లు. అంటే కాళ్ల దగ్గర హుక్ తగిలించి స్లాబ్ అంచు నుంచి పడితే, కింద డెక్కో పరంజా పలకలో ఉంటే, తాడు బిగుసుకునేలోపే వాటికి కొట్టుకుంటారు. బెల్టు ఉన్నా లాభం లేదు.

హుక్ తల కన్నా పైన తగిలిస్తే, తాడు వదులు లేకుండా ఉంచితే, పడే దూరం బాగా తగ్గుతుంది, అబ్జార్బర్ కూడా పూర్తిగా విచ్చుకోదు. అందుకే హుక్ ఎప్పుడూ పైనే. దాన్ని సెంట్రింగ్ జాకీకి, నిలబెట్టిన రాడ్డుకు, పరంజా అడ్డగొట్టానికి తగిలించకూడదు. ఇంజినీరు చూపించిన లైఫ్‌లైన్‌కే తగిలించాలి. రెండు హుక్కులు ఎందుకున్నాయంటే, జరిగేటప్పుడు ఒకటి తీసినా ఇంకొకటి తగిలే ఉండటానికి.

ఎవరైనా బెల్టుకు వేలాడుతూ ఉండిపోతే గండం గడిచినట్టు కాదు. కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలో నిలిచిపోయి కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. కేకలేసి, విజిల్ ఊది, రెస్క్యూ వాళ్లను పిలవాలి. వాళ్లు వచ్చేదాకా కాళ్లు ఆడిస్తూ ఉండమని వేలాడేవాడికి చెప్తూనే ఉండాలి.

మిగతావి నడుస్తూ

ఇంతకన్నా ఎక్కువ కూర్చోబెట్టి చెప్పకండి. గేటు నుంచి వాళ్లు రేపు పనిచేసే చోటికి వెళ్లే దారి వెంట నడిపించండి. మొత్తం సైటు తిప్పక్కర్లేదు. మంచినీళ్లు, మరుగుదొడ్లు, ఫస్ట్ ఎయిడ్ గది, సైరన్ మోగితే చేరాల్సిన చోటు చూపిస్తే చాలు. టవర్ క్రేన్ తిరిగే మేర కింద నిలబెట్టి విజిల్ ఊదించండి. సైటులో నాలుగైదు భాషలు నడుస్తాయి కాబట్టి అందరికీ ఒకటే గుర్తు: పొడుగాటి విజిల్ వినబడితే తల పైకెత్తి చూడాలి, లోడు కింద నుంచి పక్కకు జరగాలి. కరెంటు బోర్డు దగ్గర ఒక్క మాట: ప్లగ్గు లేకుండా తీగలు గుచ్చి అగ్గిపుల్ల బిగించే అలవాటు ఇక్కడ నడవదు. బోర్డు ట్రిప్ అయితే ఎలక్ట్రీషియనే వేయాలి. ఇది 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే బ్రేకరు, మాటిమాటికీ పడుతోందంటే ఎక్కడో కరెంటు లీకవుతోందని అర్థం.

108కు ఫోన్ చేస్తే ఎక్కడున్నారని అడుగుతారు. కొత్తవాళ్లకు బెంగళూరు అడ్రస్ తెలియదు. గేటు నంబరు, పక్కనున్న గుర్తు ఐడీ కార్డు మీద తెలుగులోనే రాయించండి.

అర్థమైందా అని అడగకండి

అడిగితే "అర్థమైంది సార్" అని అందరూ అంటారు. దానికి బదులు ఒక్కొక్కరికి ఒక్కో సంఘటన చెప్పి అడగండి.

"ఏడో అంతస్తులో ఉన్నావు. మేస్త్రీ కింది అంతస్తు నుంచి ఒక ప్లై తెమ్మన్నాడు. అక్కడ గోడ పక్కన రంగులేని షీటు నేల మీద పరిచి ఉంది. ఏం చేస్తావు?"

"తీసుకొస్తా సార్."

"కింద ఏముంది?"

కాసేపు ఆలోచించి, "తెలీదు సార్."

"తెలీనప్పుడు?"

"ఇంజినీరు సారుకు చెప్పాలి."

"మేస్త్రీ తిడితే?"

ఈ ప్రశ్న తప్పకుండా అడగండి, మేస్త్రీ అక్కడే ఉండగానే. అతను మేస్త్రీ వైపు చూస్తాడు. అప్పుడు సమాధానం మేస్త్రీ చేతే చెప్పించండి: "తిట్టను, ఆగి చెప్పు" అని. సమాధానం చెప్పినవాళ్లే రిజిస్టర్‌లో సంతకమో వేలిముద్రో వేయాలి, అంతకుముందు కాదు. తడబడినవాళ్లను పంపేయకుండా సాయంత్రం మళ్లీ కూర్చోబెట్టండి. నిద్రమత్తులో ఉన్నవాడికీ మరోసారి చెప్పడమే మంచిది.

తర్వాతి రోజులు

కొత్తవాళ్ల హెల్మెట్ మీద ఆకుపచ్చ స్టిక్కర్ వేసి, కొన్ని నెలలుగా సైటులో ఉన్న, తెలుగు మాట్లాడే ఒకరికి జత చేయండి. స్టిక్కర్ ఉన్నవాళ్లను మొదటి వారం ఒంటరిగా స్లాబ్ అంచు మీదికి పంపకూడదని ఇంజినీర్లకు చెప్పండి.

మూడో రోజు మీరే వాళ్లు పనిచేసే అంతస్తుకు వెళ్లండి. ఉపన్యాసం వద్దు. ఒకరిని పక్కకు పిలిచి, ఇక్కడ కటౌట్లు ఎన్ని ఉన్నాయో చూపించమనండి, హుక్ ఎక్కడ తగిలిస్తున్నాడో చూడండి. నిన్నా మొన్నా ఎవరైనా పని ఆపారా అని అడగండి. ఒక్కరూ ఆపలేదంటే, అంతస్తు మీరే చుట్టి రండి. రెయిలింగ్ లేని అంచో, రంగు లేని మూతో మీకే కనబడితే, ఆ కూలి హామీ వాళ్లింకా నమ్మలేదని లెక్క. ఆ అంతస్తులో పని ఆపించి, ఆగిన గంటల హాజరు ఆ సాయంత్రమే వాళ్ల ముందు రాయించండి.