ఫిట్స్ ఉన్న మనిషి తీరు మారితే మూడు వరుసల కాగితం ఎలా వేయాలి?

న్యూరాలజీ వార్డు నుంచి సైకియాట్రీకి వచ్చే కాల్ షీటు మీద చాలాసార్లు ఒక్క ముక్కే ఉంటుంది: "ఫిట్స్ కేసు, ప్రవర్తన బాగాలేదు, చూడగలరు." సైకియాట్రీ పీజీ వెళ్లి చూసి, "సైకోసిస్, రిస్పెరిడోన్ ఇవ్వండి" అని రాసి వస్తాడు. ఇద్దరూ తప్పు రాశారని అనను గానీ, అది ఎప్పుడు మొదలైందో ఇద్దరూ రాయలేదు. ఈ జబ్బులో ఆ తేదీ తెలిస్తే సగం డయాగ్నసిస్ అయిపోయినట్టే. అందుకే నా దగ్గరకు పోస్టింగ్‌కి వచ్చే పీజీలు ఏ విభాగం వాళ్లయినా సరే, ముందు ఒక తెల్లకాగితం తీసుకుని మూడు వరుసలు గీయమంటాను. దాన్ని ఎలా నింపాలో, ఎలా చదవాలో ఒక కేసుతో చెబుతాను. ముగ్గురు నలుగురి కథల్ని కలిపి ఒక మనిషిగా రాశాను, కాబట్టి ఎవరా అని వెతకొద్దు.

1. ముందు కాగితం నింపండి

పై వరుసలో ఫిట్స్ వచ్చిన తేదీలు, మధ్య వరుసలో మాత్రలు (ఏది మొదలుపెట్టారు, ఏది పెంచారు, ఏది మానేశారు, ఏ పూట మర్చిపోయారు), కింది వరుసలో నిద్ర, మాట, కోపం, ఏడుపు. గత మూడు నెలలు చాలు.

మనిషిది చంద్రగిరి పక్కన పల్లె, వయసు 36, ఆటో నడిపేవాడు (ఫిట్స్ ఉన్నవాడు ఆటో నడపడం ఏమిటని మీరు అడుగుతారు, నేనూ అడిగాను, మాన్పించడానికి ఏడాది పట్టింది). పద్నాలుగో ఏట నుంచి ఫిట్స్. ఎడమ టెంపోరల్ లోబ్ నుంచి వస్తున్నాయని ఈఈజీలో ఎప్పుడో తేలింది. కార్బమాజెపిన్ 400 రెండు పూటలా, లెవెటిరాసిటామ్ 500 రెండు పూటలా వేసుకుంటున్నాడు.

"ఫిట్స్ ఎప్పుడు వచ్చాయమ్మా?" అని భార్యను అడిగితే పెద్ద ఫిట్లే చెప్పింది. ఎవరైనా అంతే చెబుతారు. కిందపడి కొట్టుకుంటేనే వాళ్ల లెక్కలో ఫిట్. ఉన్నట్టుండి మాట ఆపి ఎటో చూస్తూ ఉండిపోతాడా, నోరు చప్పరిస్తాడా, చొక్కా గుండీలు పట్టుకుని లాగుతాడా అని విడివిడిగా అడగాలి. అలా అడిగేసరికి పై వరుసలో ఇంకో ఐదు గీతలు చేరాయి.

మాత్రల వరుస నోటిమాట మీద నింపొద్దు. సంచీలో ఉన్న స్ట్రిప్పులు బయట పెట్టించి లెక్కపెట్టండి. తిరుపతిలో ఒక చీటీ, వెల్లూరులో ఒక చీటీ, ఊళ్లో మందుల షాపాయన ఇచ్చిన బ్రాండు వేరు, ఇలా ఒకే మందు రెండు పేర్లతో మింగేవాళ్లను చాలామందిని చూశాను.

2. ఫిట్‌కీ మతి తప్పడానికీ మధ్య ఖాళీ ఉందా చూడండి

ఇతను మొక్కు కోసం అలిపిరి మెట్ల మీదుగా కొండెక్కాడు. రాత్రంతా క్యూలో కూర్చున్నాడు, నిద్ర లేదు, మాత్రలు బస్సులో పెట్టిన సంచీలోనే ఉండిపోయాయి కాబట్టి రెండు పూటలు పోయాయి. దిగి ఇంటికొచ్చిన రోజు నాలుగు పెద్ద ఫిట్లు. ఆ రాత్రి పడి నిద్రపోయాడు. మర్నాడు లేచి స్నానం చేసి, అన్నం తిని, పక్కింటాయనతో మాట్లాడాడు. "మొన్నంతా బాగానే ఉండాడు సార్" అంది భార్య, ఆ మాటను యథాతథంగా కేస్ షీటులో రాసుకోండి. మూడో రోజు తెల్లవారుజామున లేచి స్వామి తనతో మాట్లాడుతున్నాడని, ఊరి అప్పులన్నీ తీర్చమన్నాడని, ఇంట్లో డబ్బులన్నీ వీధిలో పంచడం మొదలుపెట్టాడు. అడ్డొచ్చిన తమ్ముణ్ని తోసేశాడు. గంగమ్మ జాతర దగ్గరపడే రోజులు కదా, అమ్మవారు పూనిందని వాళ్లమ్మ వేపాకు కట్టింది, అలా ఒక రోజు గడిచిపోయింది. ఆమెను తప్పుపట్టను. చూస్తే అలాగే ఉంటుంది మరి.

మధ్యలో ఆ ఒక్క బాగున్న రోజు ఉంది చూశారా, అదే గుర్తు. ఫిట్ అవ్వగానే వచ్చే మగత, తికమక అయితే గంటల్లో తగ్గుతూ పోతుంది. ఇది అలా కాకుండా మనిషి పూర్తిగా తేరుకున్నాక, కొన్ని గంటల నుంచి వారంలోపు, కొత్తగా మొదలవుతుంది. దీన్ని పోస్ట్‌ఇక్టల్ సైకోసిస్ అంటాం. 1988లో లాగ్స్‌డెయిల్, టూన్ రాసిన ప్రమాణాల్లో కూడా ఈ వారం గడువే ఉంది. ఎక్కువగా ఏళ్ల తరబడి ఫిట్స్ ఉన్నవాళ్లలో, వరుసగా కొన్ని ఫిట్లు వచ్చాక కనిపిస్తుంది. దేవుడి మాటలు, గొప్పలు, భయం, అన్నీ కలగలిసి ఉంటాయి కాబట్టి మేనియా అని రాసేయడం తేలిక. మధ్యలో బాగున్న రోజును చూసి ఇంటివాళ్లూ మనమూ ఫిట్‌కీ దీనికీ సంబంధం లేదనుకుంటాం.

3. పేరు పెట్టే ముందు ఈఈజీ తీయించండి

మనిషి మాటకు ఆలస్యంగా జవాబిస్తుంటే, అన్నదే అంటుంటే, ఒక గంట తెలివిగా ఇంకో గంట మొద్దుగా ఉంటే, కనురెప్పలో పెదవో అదురుతుంటే, అది ఆగకుండా నడుస్తున్న ఫిట్ కావచ్చు. నాన్‌కన్వల్సివ్ స్టేటస్‌ను సైకోసిస్ అని పంపేస్తే జరిగే నష్టం ఇంకేదానివల్లా జరగదు, అందుకే ఈఈజీ విషయంలో నేను మొండిగా ఉంటాను. దాంతోపాటు షుగరు, సోడియం (కార్బమాజెపిన్ సోడియంను పడేస్తుంది), జ్వరం, తలకు దెబ్బ, మందు మానేసి ఎన్ని రోజులైంది అన్నవి. ఇతని సోడియం 134, ఈఈజీలో పాత మార్పులే. మనిషి ఒక్క క్షణం కూర్చోకుండా, తేదీ, చోటు, మనుషుల పేర్లు తప్పు లేకుండా చెబుతున్నాడు.

చికిత్స క్లోబజామ్ 10 రెండు పూటలా, రాత్రి రిస్పెరిడోన్ 1, మూడో రోజుకు 2. కార్బమాజెపిన్ ఉన్నచోట రిస్పెరిడోన్ రక్తంలో నిలవదు, కాబట్టి పని చేయడం లేదని తొందరపడి నిందించొద్దు, రేపు కార్బమాజెపిన్ తీసేస్తే అదే డోసు ఎక్కువైపోతుందనీ మర్చిపోవద్దు. ఫిట్స్ ఉన్నవాళ్లకు క్లోజపిన్, క్లోర్‌ప్రొమజిన్ నేను మొదట ముట్టుకోను, రెండూ ఫిట్స్‌కు దారి తేలిక చేస్తాయి. పక్కన ఒక మనిషిని కాపలా పెట్టించాం, ఎందుకంటే ఈ రోజుల్లోనే తమను తాము గాయపరచుకునేదీ, ఎదుటివాళ్ల మీద పడేదీ ఎక్కువ. ఆరో రోజుకు నిద్ర కుదిరింది, "ఏందేందో మాట్లాడినానంట కదా సార్" అని సిగ్గుపడ్డాడు. క్లోబజామ్ నెమ్మదిగా తగ్గించి ఆపాం. రిస్పెరిడోన్‌ను నెల దాటాక ఆపేద్దామని చీటీలో రాశాం, ఏళ్ల తరబడి వాడే అవసరం లేదు.

ఫిట్స్ మళ్లీ రాకూడదని న్యూరాలజీ వాళ్లు లెవెటిరాసిటామ్‌ను 1000 రెండు పూటలా చేశారు. అది సబబైన నిర్ణయమే.

4. రెండోసారి తీరు మారితే కాగితం మళ్లీ తీయండి

మూడు వారాలకు మళ్లీ కాల్. ఈసారి "సైకోసిస్ తిరగబెట్టింది, రిస్పెరిడోన్ పెంచగలరా?" అని ఉంది. కాగితం తీసి చూస్తే పై వరుస ఖాళీ, ఒక్క ఫిట్ లేదు. మధ్య వరుసలో డోసు రెట్టింపయిన తేదీ, దాని తర్వాత పదో రోజు నుంచి కింది వరుసలో: కంచం విసిరేశాడు, కొడుకుని కొట్టాడు, కొట్టి గంటసేపు ఏడ్చాడు.

దేవుడి మాటలు లేవు, ఎవరి మీదా అనుమానం లేదు. "చిన్న మాటకే ఒళ్లు మండిపోతా ఉంది సార్, తప్పని తెలస్తా ఉంది, ఆపుకోలేకుండా ఉండాను" అన్నాడు. లెవెటిరాసిటామ్ తెచ్చే చిరాకు ఎక్కువగా ఇలాగే ఉంటుంది. మొదటి వారాల్లోనో డోసు పెంచాకో వస్తుంది, ఇదివరకు మానసిక ఇబ్బంది ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ. ఈ మందు కిడ్నీల ద్వారా పోతుంది కాబట్టి క్రియాటినిన్ ఒకసారి చూడండి, అది పెరిగి ఉంటే మీరు ఇచ్చింది చిన్న డోసయినా లోపల పెద్ద డోసే.

ఇక్కడ ఒక మోసం ఉంది. ఇతను రిస్పెరిడోన్ మీద కూడా ఉన్నాడు, అది అకథీసియా తెస్తే అదీ చిరాకులాగే కనిపిస్తుంది. తేడా కాళ్లలో తెలుస్తుంది: అకథీసియాలో మనిషి కూర్చోలేడు, కాళ్లు మారుస్తూనే ఉంటాడు, "లోపల గుంజుతోంది" అంటాడు. ఇతను ప్రశాంతంగా అరగంట కూర్చుని మాట్లాడాడు. ఎవరైనా ఎదురు చెబితేనే భగ్గుమంటాడు.

5. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి

పీజీలు ఇక్కడ నసుగుతారు. "మనసు ఎలా ఉంది" అని అడిగి సరిపెట్టుకోవద్దు. "ఈ బతుకెందుకు, పోతే బాగుండు అనిపించిందా? ఎలా పోవాలని ఏమైనా అనుకున్నావా?" అనాలి. పల్లెల్లో ఇంట్లోనే పురుగుల మందు ఉంటుంది, అది ఎక్కడ పెడతారో కూడా అడగాలి. 2008లో అమెరికా ఎఫ్‌డీఏ 199 ట్రయల్స్ కలిపి చూసి, ఫిట్స్ మందుల మీద ఉన్నవాళ్లలో ఆత్మహత్య ఆలోచనలు గానీ ప్రయత్నాలు గానీ 0.43 శాతం, డమ్మీ మాత్రల మీద 0.24 శాతం అని చెప్పి అన్ని ఫిట్స్ మందుల మీదా హెచ్చరిక పెట్టించింది. చిన్న అంకె అది. అది చూపించి మందు మాన్పించడం పిచ్చిపని, ఫిట్స్ అదుపు తప్పితే పోయే ప్రాణాలు అంతకంటే ఎక్కువ. అడగడానికి మాత్రం ఆ అంకె చాలు.

ఇతను "ఒకసారి అనిపించింది సార్, పిల్లోణ్ని కొట్టినాక" అన్నాడు. ప్లాన్ లేదు. పురుగుల మందు డబ్బా తమ్ముడి ఇంటికి మారింది.

6. మందు మార్చండి, కానీ ఒక్కరోజులో ఆపొద్దు

లెవెటిరాసిటామ్ టక్కున ఆపితే ఫిట్లు వరుస కడతాయి, అప్పుడు మళ్లీ మొదటి కథకే వస్తాం. వారంపాటు 750, తర్వాత పాత 500 రెండు పూటలా చేశాం. ఆ పక్కనే లామోట్రిజిన్ మొదలుపెట్టాం. కార్బమాజెపిన్ దాన్ని త్వరగా కరిగించేస్తుంది కాబట్టి రోజుకు 50తో రెండు వారాలు, తర్వాత 50 రెండు పూటలా ఇంకో రెండు వారాలు. అదే వాల్ప్రోయేట్ మీద ఉన్న మనిషయితే లెక్క పూర్తిగా తిరగబడుతుంది: 25 రోజు విడిచి రోజు. ఈ రెండు లెక్కలూ కలిపేసుకుంటే చర్మం ఊడిపోయేంత ప్రమాదం ఉంది, ఒంటి మీద దద్దు కనిపిస్తే ఆ పూటే మాత్ర ఆపి రమ్మని చెప్పాలి. లామోట్రిజిన్ డోసు కుదిరాక లెవెటిరాసిటామ్‌ను రెండు వారాలకోసారి తగ్గిస్తూ తీసేశాం.

విటమిన్ బీ6 ఇస్తే చిరాకు తగ్గుతుందని చాలామంది రాస్తారు. దానికి ఆధారం అంత గట్టిది కాదు, పెద్ద డోసులో నెలల తరబడి వాడితే నరాలు దెబ్బతింటాయి, నేను దాని మీద ఆధారపడను. బ్రివరాసిటామ్‌కు మారితే కొందరికి తగ్గుతుంది, కొనగలిగే వాళ్లకు అదొక దారి. పెరంపానెల్ మాత్రం ఇలాంటి మనిషికి వద్దు, దానికి కోపం, దాడి విషయంలోనే పెద్ద హెచ్చరిక ఉంది. టోపిరమేట్ కూడా దిగులు తెస్తుంది, మాటలు వెతుక్కునేలా చేస్తుంది.

డోసు తగ్గించిన రెండో వారానికి కింది వరుసలో గీతలు పలచబడ్డాయి. రిస్పెరిడోన్ పెంచలేదు సరికదా, అనుకున్న తేదీకే ఆపేశాం.

7. ఇంటికి పంపేముందు

పోస్ట్‌ఇక్టల్ సైకోసిస్ ఒకసారి వస్తే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి భార్యకు ఒక చీటీ రాసిచ్చాం: ఒకే రోజు రెండు అంతకంటే ఎక్కువ ఫిట్లు వస్తే మర్నాడు బాగున్నా నమ్మొద్దు, వారంపాటు రాత్రి నిద్ర చూడాలి. ఒక రాత్రి నిద్ర పోకపోతే మేము రాసిన క్లోబజామ్ వేసి తెల్లారేలోపు బయల్దేరాలి. డిశ్చార్జి సమ్మరీలో ఒక వాక్యం న్యూరాలజీ, ఒక వాక్యం సైకియాట్రీ, రెండూ ఒకే కాగితం మీద ఉంచాం: "లెవెటిరాసిటామ్ డోసు పెంచాక చిరాకు, ఇక ఇవ్వవద్దు."

మొక్కు ఇంకా బాకీ ఉందట. ఈసారి బస్సులో, పగటి దర్శనానికి టైము స్లాటు తీసుకుని వెళ్లారు, మాత్రలు భార్య కొంగుకు ముడేసుకుంది.