అగ్రికల్చర్ బీఎస్సీ తర్వాత ఏ దారి? పోల్చి చూసుకోవడం ఎలా?

ఫైనలియర్ పిల్లలు ఎక్కువగా అడిగేది ఒక్కటే: "దేంట్లో జీతం ఎక్కువ?" నన్నడిగితే మొదట చూడాల్సింది జీతం కాదు, ఏ దారి ఏ వయసుకు మూసుకుపోతుందన్నది.

ఆనందపురం వైపు ఊళ్లో ఓ అమ్మాయి ఉందనుకుందాం. వయసు 22. ఇంట్లో రెండెకరాల పూలతోట. నాన్న గవర్నమెంటు ఉద్యోగం అంటారు, తనకేమో నర్సరీ పెట్టాలని ఉంది. ఆమె లెక్క మనం వేసి చూద్దాం.

1. ముందు కాలేజీ సంగతి తేల్చుకోండి

మీ డిగ్రీకి ఐసీఏఆర్ గుర్తింపు ఉందా లేదా చూడండి. ప్రైవేటు కాలేజీలో చదివినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. గుర్తింపు లేకపోతే ఎమ్మెస్సీ సీటు దగ్గరే ఆగిపోవచ్చు.

2. వయసు, నోటిఫికేషన్లు ఒకే కాగితం మీద రాసుకోండి

బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులకు ఐబీపీఎస్ ఏటా పరీక్ష పెడుతుంది. జనరల్ వాళ్లకు 30 ఏళ్ల దాకా, ఓబీసీలకు మరో మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు. మూల వేతనం 48,480 రూపాయల దగ్గర మొదలవుతుంది. అయితే పోస్టింగ్ ఏ రాష్ట్రంలోనైనా పడొచ్చు.

ఏపీపీఎస్సీ ద్వారా భర్తీ చేసే వ్యవసాయాధికారి పోస్టు వస్తే సొంత రాష్ట్రంలోనే ఉండొచ్చు. కానీ ఆ నోటిఫికేషన్ ఏటా రాదు. ఎప్పుడొస్తుందో తెలియని దానికోసం ఖాళీగా కూర్చోవడం కన్నా, ఏటా వచ్చే పరీక్షకు చదువుతూ దీన్నీ కలుపుకోవడం మేలు. సబ్జెక్టు ఎలాగూ చాలావరకు ఒకటే.

3. పరిశోధన మీకు పడుతుందో లేదో ముందే చూసుకోండి

ఎమ్మెస్సీ రెండేళ్లు, ఆపైన పీహెచ్‌డీ మూడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అన్నేళ్లు పెట్టేముందు అనకాపల్లి చెరకు పరిశోధన స్థానానికో, చింతపల్లి పరిశోధన స్థానానికో వెళ్లి, ఫీల్డులో కొలతలు తీసుకునేవాళ్లతో కొన్నాళ్లు తిరగండి. అవే మడులు, అవే మొక్కలు, ప్రతిసారీ అవే కొలతలు. అది విసుగు పుట్టించకపోతే ఈ దారి మీదే.

4. కంపెనీ ఆఫర్ వస్తే జీతం అంకె పక్కన ఈ ప్రశ్నలు పెట్టండి

విత్తనాలు, పురుగుమందుల కంపెనీల్లో మొదట దొరికేది ఎక్కువగా సేల్స్ పనే. ఖరీఫ్ ముందు డీలర్ గోడౌన్‌కి సరుకు పంపి బిల్లు వేస్తారు. కాగితం మీద టార్గెట్ పూర్తయినట్టే. రైతు కొనకపోతే సీజన్ చివర్లో ఆ సరుకు వెనక్కి వస్తుంది, డీలర్ దగ్గర డబ్బూ ఆగుతుంది. అందుకే ఇంటర్వ్యూలోనే అడగండి: ఇన్సెంటివ్ బిల్లు మీదా, వసూలైన డబ్బు మీదా? వెనక్కి వచ్చిన సరుకు నా లెక్కలోంచి తీసేస్తారా? తిరుగుడుకి పెట్రోలు ఖర్చు ఎంతిస్తారు? సూటిగా జవాబు రాకపోతే అదే జవాబు అనుకోండి.

5. సొంత వ్యాపారమైతే సబ్సిడీ ఎప్పుడు చేతికొస్తుందో చూడండి

2002 నుంచి నడుస్తున్న అగ్రి క్లినిక్, అగ్రి బిజినెస్ సెంటర్ల పథకంలో 45 రోజుల ఉచిత శిక్షణ ఇస్తారు. హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థ దీన్ని చూస్తుంది. ఒక్కరు బ్యాంకు అప్పుతో పెట్టే ప్రాజెక్టుకు 20 లక్షల ఖర్చు దాకా సబ్సిడీ వర్తిస్తుంది. సబ్సిడీ 36 శాతం, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ 44 శాతం.

మన అమ్మాయి నర్సరీకి 10 లక్షలు అవుతుందనుకుంటే సబ్సిడీ 4.4 లక్షలు. అది మొదట్లోనే చేతికి రాదు. బ్యాంకులో విడిగా ఉంచి, కనీసం మూడేళ్లు అయ్యాకే అప్పులో సర్దుతారు. ఆ భాగానికి వడ్డీ పడదు, అంతవరకే లాభం. నారు అమ్ముడుపోని నెలల్లోనూ మిగతా అప్పు వాయిదాలు కట్టాల్సిందే. కాబట్టి కనీసం ఆరునెలల ఖర్చు చేతిలో లేకుండా దిగొద్దంటాను. పైగా శిక్షణ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన బ్యాంకు అప్పిచ్చి తీరాలని లేదు. ప్రాజెక్టు రిపోర్టులో నారు ఎవరు కొంటారన్నది రాయకపోతే ఫైలు అక్కడే పడుంటుంది.

ఇక్కడే ఇంకో మాట. పురుగుమందుల దుకాణం లైసెన్సుకు ఇప్పుడు చదువు అర్హత కావాలి, మీ డిగ్రీ నేరుగా సరిపోతుంది. దాంతో కొందరు "సర్టిఫికెట్ అద్దెకిస్తావా" అని వస్తారు. ఇవ్వొద్దు. నకిలీ మందు పట్టుబడితే కాగితం మీద ఉండేది మీ పేరే.

6. ఇక వరుస వేయండి

అగ్రి క్లినిక్ పథకానికి 60 ఏళ్ల దాకా అవకాశం ఉంది, బ్యాంకు పరీక్షకు సడలింపు లేనివాళ్లకు 30తో సరి. అందుకని మన అమ్మాయి ముందు రెండేళ్లు పరీక్షలకు పెట్టి, ఇంటి తోటలోనే ఒక మూల కొన్ని వందల నారు పెంచి అమ్మి చూడాలి. పరీక్ష దాటకపోయినా బ్యాంకుకు చూపించడానికి రెండు సీజన్ల అమ్మకాల పుస్తకం చేతిలో ఉంటుంది. ఉద్యోగం వస్తే మాత్రం నర్సరీ తన పేరు మీద నడపడం కుదరదు. నాన్న చూసుకుంటారా, లేదా అన్నది ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోవాలి.