మార్చి 31న ఖాతాలు మూసే ముందు: ఏఎంసీ ఆదాయం దగ్గర జాగ్రత్తలు

విజయనగరంలో లిఫ్టుల మెయింటెనెన్స్ చూసే ఒక సంస్థ ఉందనుకుందాం. ఓ అపార్ట్‌మెంట్‌కి జనవరి 1 నుంచి ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందానికి, అంటే ఏఎంసీకి, రూ.36,000, పైన 18 శాతం జీఎస్టీ రూ.6,480 కలిపి బిల్లు వేసి, డబ్బంతా ముందే తీసుకుంది.

• ముందు జీఎస్టీని పక్కన పెట్టండి. అది ఆదాయం కాదు. సేవ ఇంకా మిగిలి ఉందని ఆగకుండా, బిల్లు వేసిన కాలపు రిటర్నులోనే మొత్తం కట్టాలి.

• బిల్లు తేదీ కాదు, కాంట్రాక్టు తేదీలు చూడండి. మార్చి చివరికి మూడు నెలల సేవే అయింది కాబట్టి ఆదాయం రూ.9,000. మిగతా రూ.27,000 బ్యాంకులో ఉన్నా, అది ఇంకా చేయాల్సిన పని. బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు ‘ముందుగా అందిన ఆదాయం’గా చూపాలి. తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే: బిల్లు కొట్టగానే మొత్తం సేల్స్ ఖాతాలోకి పోతుంది, సర్దుబాటు జర్నల్ ఎవరూ వేయరు. అప్పుడు ఈ ఏడాది లాభం ఉబ్బి, వచ్చే ఏడాది ఖర్చులు మాత్రమే మిగులుతాయి.

• నెలకింత అని పంచడం సేవ ఏడాదంతా ఒకేలా సాగితేనే సరి. అదే ఒప్పందంలో కొత్త మోటారు కూడా ఉంటే, దాని ధర విడదీసి, బిగించి అప్పగించినప్పుడే రాయండి.

• ప్రతి కాంట్రాక్టులో మిగిలిన నెలల విలువ కూడండి. అది ‘ముందుగా అందిన ఆదాయం’ ఖాతా నిల్వతో కలవకపోతే, మధ్యలో రద్దయిన ఒప్పందమో, తప్పిపోయిన జర్నలో ఉందేమో వెతకండి.

• పని అయిపోయి, బిల్లు వేయనివీ ఆదాయమే.